ఫొటోలో ముఖాన్ని దిద్దారా? గీతలు, అంచులు, చర్మం చూసి గుర్తించే పద్ధతి

ఫొటోషాప్‌లో ముఖం ఆకారాన్ని ఒక్క స్లైడర్ జరిపి మార్చే సదుపాయం 2016లో వచ్చింది. దవడ సన్నం చేయడానికి, కళ్లు పెద్దవి చేయడానికి, ముక్కు కుదించడానికి అంతకుముందు బ్రష్ పట్టుకుని ఓపికగా లాగవలసి వచ్చేది. 2019లో అడోబీ సంస్థ పరిశోధకులు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు కలిసి ఒక పరీక్ష చేశారు. అసలు ఫొటోను, ఈ సదుపాయంతో మార్చిన ఫొటోను చూపి, రెండింటిలో ఏది మార్చినదో చెప్పమన్నారు. మనుషులు 53 శాతం సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా ఇంచుమించు అంతే వస్తుంది. అదే పని కోసం వారు తయారు చేసిన ప్రోగ్రాం మాత్రం 99 శాతం వరకు సరిగ్గా పట్టుకుంది.

ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. ప్రోగ్రాం చూసిన ఆనవాళ్లు ఫొటోలో ఉన్నాయి, మనుషుల కళ్లు మాత్రం వాటి మీద పడలేదు. మనం ముఖాన్ని చూస్తే ముఖంగానే చూస్తాం. బాగుందా, తెలిసినవారా, నవ్వుతున్నారా అన్న వైపే మనసు పోతుంది. దిద్దేవారు కూడా తమ శ్రద్ధంతా ముఖం మీదే పెడతారు. స్టూడియోలో చాలా ఏళ్లు టచింగ్ పని చేసినవాడిగా నేను ఇతరుల పని పరిశీలించేటప్పుడు ముఖాన్ని చివరికి ఉంచుకుంటాను. ముందు ముఖం వెనకాల ఉన్న గీతలు, తరువాత ముఖానికీ మిగతావాటికీ మధ్య అంచులు, ఆ తరువాతే చర్మం చూస్తాను. గీత వంగిందో లేదో కొలిచి తేల్చవచ్చు, చర్మం విషయంలో మాత్రం అభిప్రాయానికి ఎక్కువ చోటుంటుంది. అందుకే ఈ వరుస.

మొదటి అడుగు: చేతిలో ఉన్నది ఏ కాపీ?

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో దారిలో రెండు మార్పులకు లోనవుతుంది. పొడవైన వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, ఆపైన మళ్లీ కుదింపు జరిగి సన్నని వివరాలు చెరిగిపోతాయి. ఎప్పుడు తీశారు, ఏ ఫోనుతో తీశారు వంటి సమాచారం కూడా పోతుంది. అలా వచ్చిన ఫొటోలో బుగ్గ నున్నగా ఉందంటే అది బ్రష్ పని కావచ్చు, వాట్సాప్ పని కూడా కావచ్చు. అందుచేత వీలైతే పంపినవారినే అడిగి, అదే ఫొటోను 'డాక్యుమెంట్' రూపంలో తెప్పించుకోవాలి. స్క్రీన్‌షాట్ అన్నింటికంటే అధ్వానమైనది.

అసలు ఫైలు దొరికితే, కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ద్వారా అందులోని సమాచారాన్ని ఒకసారి చూడవచ్చు.

```
exiftool -Software -ModifyDate photo.jpg
```

ఇక్కడ ఏదైనా ఎడిటింగ్ ప్రోగ్రాం పేరు కనబడితే ఆ ఫైలు దాని గుండా వెళ్లిందని మాత్రమే అర్థం. ఫొటోను నిలువుగా తిప్పి సేవ్ చేసినా ఆ పేరు పడుతుంది. పేరు లేకపోతే దిద్దలేదని కూడా అనుకోకూడదు, ఎందుకంటే ఈ సమాచారాన్ని తుడిచేయడం చాలా సులభం. దీనికి ఇంతకంటే విలువ ఇవ్వనక్కరలేదు.

తరువాత ముఖం ఎంత పెద్దదిగా ఉందో కొలవాలి. ఫొటోలు దిద్దే గింప్ వంటి ఏ ప్రోగ్రాంలోనైనా జుట్టు మొదలు నుంచి గడ్డం కొన దాకా ఒక చతురస్రం గీస్తే దాని ఎత్తు పిక్సెళ్లలో కనిపిస్తుంది. అది 300 కంటే తక్కువగా ఉంటే నేను చర్మం గురించి ఏమీ చెప్పను. ఇది నేను అనుభవంతో పెట్టుకున్న హద్దు. అంత చిన్న ముఖంలో చర్మ రంధ్రాలు అసలు ఫొటోలోనే కనబడవు కాబట్టి, అవి లేవని ఎత్తి చూపడంలో అర్థం లేదు. గీతలు, అంచులు మాత్రం అప్పుడు కూడా పనికి వస్తాయి.

రెండవ అడుగు: వంగిన గీతలు

ఆకారం మార్చే లిక్విఫై పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో దానంతటదే తెలుస్తుంది. ఫొటోను సాగే రబ్బరు గుడ్డ మీద అచ్చు వేశారనుకోండి. బుగ్గ అంచును వేలితో లోపలికి నెడితే బుగ్గ ఒక్కటే కదలదు, దాని పక్కనున్న గుడ్డ కూడా వెంట వస్తుంది. బుగ్గ వెనకాల తలుపు చట్రం ఉంటే, ఆ చట్రం కూడా ముఖం వైపు కాస్త వంగుతుంది. ముఖాన్ని గుర్తుపట్టి మార్చే కొత్త సదుపాయంలో ఈ ఈడ్పు తక్కువే అయినా, దవడ అంచుకు ఆనుకుని ఉన్న పట్టీలో అది కనబడుతూనే ఉంటుంది. చేయి తిరిగినవారు వెనకభాగాన్ని విడిగా కాపాడుకుంటారు. ఫోను యాప్‌లలో తొందరగా దిద్దినవారు అంత శ్రమ పడరు.

కాబట్టి ముఖానికి ఇరువైపులా సగం ముఖమంత వెడల్పు మేర ఉన్న ప్రతి నిట్టనిలువు, అడ్డ గీతను పరిశీలించాలి. మన ఇళ్లలో తీసే ఫొటోల్లో కిటికీ గ్రిల్ చువ్వలు, తలుపు ద్వారబంధం, గోడ టైల్స్ మధ్య అతుకులు, కర్టెన్ మడతలు ఇందుకు బాగా అక్కరకు వస్తాయి. ఒంటి మీద ఉన్నవాటిలో గళ్ల చొక్కా, చీర జరీ అంచు, నల్లపూసల వరస, కళ్లజోడు కాడ చూడాలి. పద్ధతి చాలా మోటుది. ఫొటోను తెర నిండా పెద్దది చేసి, తిన్నని అంచు ఉన్న కాగితాన్ని తెర మీద ఆ గీత వెంట ఆనించి, గీత కాగితం అంచును వదిలి ఎక్కడ పక్కకు పోతోందో, మళ్లీ ఎక్కడ వచ్చి కలుస్తోందో గమనించాలి. కాగితం లేకుండా కంటితో చూస్తే రెండు మూడు పిక్సెళ్ల వంపును మెదడు సరిదిద్దేసుకుంటుంది.

వంపు కనబడగానే దిద్దారనడానికి లేదు, ఎందుకంటే లెన్స్ కూడా గీతలను వంచుతుంది. రెండింటి వంపు తీరు వేరుగా ఉంటుంది. లెన్స్ వంచిన గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ధోరణిలో వంగుతుంది, ఫొటో అంచుల దగ్గర వంపు ఎక్కువగాను, మధ్యకు వచ్చేకొద్దీ తక్కువగాను ఉంటుంది, కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబంలా సరిపోతాయి. లిక్విఫై వంచిన గీత తిన్నగా వస్తూ వస్తూ చెవి తమ్మె ఎత్తుకో, దవడ మలుపు ఎత్తుకో వచ్చేసరికి ముఖం వైపు ఉబ్బి, గడ్డం దాటగానే మళ్లీ తిన్నబడుతుంది. నా దృష్టిలో మొత్తం పరిశీలనలో అన్నిటికంటే గట్టి ఆనవాలు ఇదే. గోడకు, గ్రిల్‌కు ఆ ఒక్క చోటే వంగవలసిన కారణం ఇంకేదీ ఉండదు.

గీతలు తిన్నగానే ఉన్నా వాటి మధ్య ఎడం మారిపోవచ్చు. టైల్స్‌నో గళ్లనో ఒకదాని తరువాత ఒకటి కొలుచుకుంటూ వెళ్లాలి. కెమెరాకు దూరమయ్యేకొద్దీ గళ్లు క్రమంగా చిన్నవి కావడం సహజం. వరుసలో ముఖం పక్కనున్న ఒకే ఒక గడి పెద్దదై, ఆ తరువాతి గడి మళ్లీ వరుసలో కలిసిందంటే అక్కడ గుడ్డ సాగింది.

కళ్లజోడు దగ్గర చాలామంది బోల్తా పడతారు. దూరపువి సరిగ్గా కనబడనివారు పెట్టుకునే అద్దాలు, అంటే మైనస్ పవరు ఉన్నవి, వెనకనున్నదాన్ని చిన్నదిగా చూపిస్తాయి. అందుచేత అద్దంలోంచి కనబడే చెంప అంచు, అద్దం బయట ఉన్న చెంప అంచుకంటే లోపలికి జరిగి, విరిగినట్టుగా ఉంటుంది. పవరు పెరిగేకొద్దీ ఆ విరుపు పెరుగుతుంది. అది భౌతిక శాస్త్రం చేసిన పని, ఫొటోషాప్ చేసినది కాదు. నిజానికి, అద్దాలు మందంగా ఉండి కూడా ఆ విరుపు లేకపోతేనే అనుమానించాలి.

స్టూడియోలో సాదా తెర ముందు తీసిన ఫొటోలో వెనక గీతలే ఉండవు. అప్పుడు ఈ అడుగు మనకు ఏమీ చెప్పదు.

మూడవ అడుగు: అంచులు

అంచుల్లో మొదట జుట్టు. నూనె రాసి దువ్విన తలలో కూడా వెలుతురుకు ఎదురుగా కొన్ని వెంట్రుకలు విడిగా లేచి కనబడతాయి. వెనకభాగాన్ని మార్చినప్పుడు ఆ వెంట్రుకలను కత్తిరించి అతికించడం కష్టం కాబట్టి, తల చుట్టూ కత్తెరతో కోసినట్టు నున్నని హద్దు ఏర్పడుతుంది, లేదా పాత వెనకభాగపు రంగు సన్నని అంచులా మిగిలిపోతుంది. ఆకుపచ్చ చెట్ల ముందు తీసిన మనిషిని నీలి తెర ముందుకు తెస్తే జుట్టు కొనల్లో ఆకుపచ్చ తొంగిచూస్తుంది.

ఫోను పోర్‌ట్రెయిట్ మోడ్ కూడా అచ్చం ఇలాంటి పొరపాట్లే చేస్తుంది. అది మనిషిని వేరు చేసి వెనకభాగాన్ని మసకబారుస్తుంది. ఏది మనిషి, ఏది గోడ అన్న లెక్క సన్నని వస్తువుల దగ్గర తప్పుతుంది. చెవికీ జుట్టుకూ మధ్య సందులో గోడ మసకబారకుండా మిగిలిపోవడం, జుంకా కొస మాయమై కరిగినట్టు కనబడటం, కళ్లజోడు కాడ సగంలో మసకబారడం దాని గుర్తులు. ఇవి కనబడితే ఫోను చేసిన పనిగానే లెక్కించి పక్కన పెట్టాలి. వాటిని బట్టి ముఖాన్ని దిద్దారని చెప్పడానికి లేదు.

అసలు చూడవలసిన అంచులు ముఖం లోపల ఉంటాయి. చర్మాన్ని నున్నగా చేసే బ్రష్ కనుబొమల మీదికి, పెదవుల మీదికి, జుట్టు మొదళ్ల మీదికి వెళితే అవి కూడా మసకబారి దొంగతనం బయటపడుతుంది. ఆ భయంతో దిద్దేవారు కాస్త ఎడంగా ఆగిపోతారు. దాంతో కనుబొమ చుట్టూ, పెదవి గీత చుట్టూ, ముక్కుపుడక చుట్టూ ఒక సన్నని పట్టీలో మాత్రం అసలు చర్మం గరుకుగా మిగిలి, దాని అవతల బుగ్గ మైనంలా నున్నబడుతుంది. ఫొటోను రెట్టింపు పెద్దది చేసి కనుబొమ కింద అంచును నెమ్మదిగా అనుసరిస్తే ఈ పట్టీ ఇట్టే దొరుకుతుంది. దీనికి వ్యతిరేకంగా, ఆగకుండా లోపలికి వెళ్లిపోయినవారి పనిలో కనుబొమ వెంట్రుకల మొదళ్లు పొగలో కలిసినట్టుంటాయి, కొసలు మాత్రం పదునుగా ఉంటాయి.

కంటి తెల్లగుడ్డు, పళ్లు తెల్లబరచడం చాలా ఎక్కువగా జరిగే దిద్దుబాటు. కనుగుడ్డు గుండ్రని వస్తువు కాబట్టి తెల్లదనం రెండు మూలలకు పోయేకొద్దీ తగ్గాలి, పైరెప్ప నీడ దాని మీద సన్నగా పడాలి. కాగితం ముక్క అతికించినట్టు అంతటా ఒకే తెలుపు ఉంటే అక్కడ బ్రష్ తిరిగింది. పళ్ల విషయంలో తెలుపు చిగుళ్ల మీదికి ఒక పిక్సెల్ మేర ఒలికిందేమో చూస్తే చాలు.

నాలుగవ అడుగు: చర్మం

నున్నని చర్మమంతా దిద్దినది కాదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం, ఎక్కువ మంది చూసేదీ పొరపడేదీ ఇక్కడే కావడం. నునుపు నాలుగు దారుల్లో రావచ్చు, వాటిని విడదీసే మార్గం పోలిక ఒక్కటే. ఒకే వెలుతురులో, కెమెరాకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్న రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చూడాలి: బుగ్గను మెడతో, నుదుటిని చెవితో, గడ్డం ఆనించిన చేయి ఉంటే గడ్డాన్ని ఆ చేతి వేళ్లతో.

మేకప్ రంగును సమం చేస్తుంది గాని గరుకును పూర్తిగా తీసివేయదు. పౌడరు కింద రంధ్రాలు ఇంకా కనబడతాయి, పక్కనుంచి వెలుతురు పడితే దవడ వెంట నూగు మెరుస్తుంది. తక్కువ వెలుతురులో ఫోను తనంతట తాను చేసే శుభ్రత చర్మంతో పాటు చొక్కా నేతను, గోడ గరుకును, జుట్టు పోగులను కూడా చెరిపేస్తుంది. అంతటా ఒకే నునుపు ఉంటే అది ఫోను పనే అనుకోవాలి. వాట్సాప్ కుదింపు గురించి ముందే చెప్పుకున్నాం, అది కూడా ముఖాన్ని మాత్రమే ఏరుకోదు. నాలుగవది చర్మాన్ని మాత్రమే ఏరి నున్నగా చేసే పని. గోడ గరుకుగా, చొక్కా నేత స్పష్టంగా, మెడ మీద ముడతలు ఉన్నవి ఉన్నట్టుగా, బుగ్గ మాత్రం పింగాణీలా ఉంటే అది ఈ నాలుగవది. అది మనిషి చేసినదా, ఫోనులోని బ్యూటీ మోడ్ చేసినదా అన్నది మాత్రం ఫొటోను చూసి చెప్పలేం. చాలా ఫోన్లలో ముందు కెమెరాకు అది వాడేవారికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది.

కంటికి తేడా చిక్కకపోతే ఫొటోలోని నీలి రంగు భాగాన్ని ఒక్కదాన్నే విడదీసి చూడాలి. చర్మంలోని వర్ణకమూ రక్తమూ నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి మచ్చలు, మొటిమల గుర్తులు, గరుకు అక్కడ ముదురుగా తేలతాయి. ఎరుపు భాగంలో ఎవరి చర్మమైనా నున్నగానే కనబడుతుంది. గింప్‌లో ఈ రంగు భాగాలను, అంటే ఛానెళ్లను, విడివిడిగా చూడవచ్చు, లేదా ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాం ఉన్నవారు ఈ ఒక్క వరుసతో తీసుకోవచ్చు.

```
magick photo.jpg -channel B -separate blue.png
```

దిద్దని ముఖం నీలి భాగంలో చూడటానికి బాగుండదు, పదేళ్లు పైబడినట్టు కనబడుతుంది. మెడ అలా కనబడుతూ ముఖం మాత్రం అక్కడ కూడా నున్నగా మిగిలిందంటే గట్టి అనుమానమే.

మచ్చలు తుడిచే పని వేరు. ఫొటోషాప్‌లో 2002లో వచ్చిన హీలింగ్ బ్రష్ పక్కనున్న చర్మాన్ని తెచ్చి మచ్చ మీద కప్పి, రంగు కలుపుతుంది. తెచ్చిన చర్మంలో ఏదైనా ప్రత్యేకమైన చుక్క ఉంటే అది రెండు చోట్ల ఉంటుంది. బుగ్గ మీద కాస్త విచిత్రమైన ఆకారం ఉన్న రంధ్రాన్నో చుక్కనో ఎంచుకుని, దాని కవల కోసం ఒక అంగుళం మేర చుట్టూ వెతకాలి. కవలలు ఒక జత దొరికితే కాకతాళీయం కావచ్చు, రెండు జతలు ఒకే దిశలో, ఒకే దూరంలో దొరికితే మాత్రం కాదు.

ఇక నిజంగా చేయి తిరిగినవారి పని. వారు గరుకును ఒక పొరగాను, రంగును నీడను మరో పొరగాను విడదీసి, రెండవ పొరను మాత్రమే సరిచేస్తారు. అలాంటి ఫొటోలో రంధ్రాలన్నీ ఉంటాయి, నూగు ఉంటుంది, పై పరీక్షలన్నీ నెగ్గుతుంది. అక్కడ గరుకు కోసం కాక నీడ కోసం వెతకాలి. మనిషి పళ్లు కనబడేలా నవ్వుతున్నప్పుడు ముక్కు పక్కనుంచి నోటి మూలకు దిగే మడత పడి తీరుతుంది, కళ్ల కింద సంచి కాస్త ఉబుకుతుంది. నవ్వు ఉంది, మడత గీత కూడా ఉంది, కానీ ఆ మడత వేయవలసిన నీడ లేదు అంటే ఎవరో దాన్ని తీసివేశారు. నెగటివ్‌ల కాలంలో మా పెద్దవారు మొన తేలిన పెన్సిల్‌తో నెగటివ్ మీద చేసినది కూడా సరిగ్గా ఇదే: నీడలో సీసపు రంగు నింపితే ప్రింటులో అది తేలికపడేది. అదీ మితంగా చేసినప్పుడు ఎవరూ పట్టుకోలేకపోయేవారు. ఇప్పుడూ అంతే.

ఒక ఫొటోను మొదటి నుంచి చివరి దాకా

మా పిన్ని తన చిన్న కూతురికి వచ్చిన సంబంధం ఫొటోను తెచ్చి, "నాయనా, ఈ అబ్బాయి జుట్టు అసలుదేనా, నుదుటి దగ్గర ఏమైనా పూశారా, అది తేల్చు" అని అడిగింది. మధ్యవర్తి ద్వారా వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అది. 1200కి 1600 పిక్సెళ్లు, ముఖం ఎత్తు 410. అబ్బాయి గళ్ల చొక్కా వేసుకుని వరండా గ్రిల్ ముందు నిలబడ్డాడు. సమాచారమంతా పోయింది కాబట్టి మొదటి అడుగు అక్కడితో సరి.

గ్రిల్‌లో ఏడు నిలువు చువ్వలు కనబడుతున్నాయి. కాగితం ఆనించి చూస్తే చివరి రెండు చువ్వలు కాస్త బయటికి వంగి ఉన్నాయి, రెండువైపులా ఒకేలా; అది లెన్స్ లెక్క. ముఖానికి ఎడమ పక్కన ఉన్న చువ్వ మాత్రం చెవి తమ్మె దగ్గర కాగితాన్ని వదిలి, ముఖం వైపు నాలుగు పిక్సెళ్ల దాకా జరిగి, గడ్డం కిందికి వచ్చాక తిరిగి కలిసింది. కుడివైపు చువ్వ కూడా అదే ఎత్తులో మూడు పిక్సెళ్లు అటు నుంచి ముఖం వైపే వంగింది. రెండు చువ్వలూ ఒకే ఎత్తులో ముఖం వైపే ఒరగడం లెన్స్ వల్ల జరగదు. దవడ రెండువైపులా సన్నం చేశారని అక్కడే రాసుకున్నాను.

అంచుల్లో ఎడమ కనుబొమ కింద గరుకు పట్టీ కనబడింది. కుడి చెవి పైభాగం కాస్త కరిగినట్టుంది, దాని పక్కనున్న చువ్వ ముక్క కూడా అలాగే ఉంది. అది పోర్‌ట్రెయిట్ మోడ్ పొరపాటని వదిలేశాను. నీలి భాగంలో మెడ మీద గడ్డం గీసుకున్న గరుకు, రెండు చిన్న మొటిమలు స్పష్టంగా ఉన్నాయి, బుగ్గల మీద ఏమీ లేదు. ముఖానికి మెడకు పడిన వెలుతురు ఒకటే, చొక్కా నేత కూడా నిలిచే ఉంది. కాబట్టి చర్మాన్ని నున్నగా చేశారు.

మిగిలినది పిన్ని అడిగిన జుట్టు. నుదుటి రెండు మూలల్లో జుట్టు హద్దు మరీ నున్నగా, ఒకే నలుపుగా, విడి వెంట్రుకలు లేకుండా ఉంది. రంగు నింపితే అచ్చం అలాగే ఉంటుంది, నా మనసు అటే మొగ్గింది. కానీ తల వెనక భాగంలో ఎవరూ నింపవలసిన అవసరం లేని చోట కూడా జుట్టు అలాగే ముద్దగా ఉంది. కుదింపు, తక్కువ వెలుతురు, నూనె మూడూ కలిసినా ఆ తీరు వస్తుంది. నల్లని జుట్టు ముదురు భాగాల్లో వాట్సాప్ కుదింపు వివరాలను ముందుగా మింగేస్తుంది కూడా. అందుకని పిన్నికి, "దవడ, చర్మం దిద్దారు, ఆ మాట గట్టిగా చెప్పగలను. జుట్టు సంగతి ఈ ఫొటోతో తేలదు. అసలు ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని అడుగు" అని చెప్పాను. తేలదు అన్న మాట ఆమెకు నచ్చలేదు. ఇన్నేళ్లు స్టూడియోలో ఏం చేశావని కూడా అడిగింది.

రెండు రోజులకు అబ్బాయి అక్క, నవ్వుతూనే, తాను ఒక ఫోను యాప్‌లో దిద్దానని ఒప్పుకుని అసలు ఫైలు పంపింది. 3000కి 4000 పిక్సెళ్ల ఫొటో. అందులో చువ్వలు తిన్నగా ఉన్నాయి, దవడ కాస్త వెడల్పుగా ఉంది, బుగ్గ మీద నాలుగు మొటిమల మచ్చలున్నాయి. నుదుటి మూలల్లో జుట్టు మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పెద్దది చేస్తే నూనెతో అంటుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత స్పష్టంగా కనబడ్డాయి. నా అనుమానాన్ని ఆ రోజు పైకి అని ఉంటే తప్పు చెప్పినవాడినయ్యేవాడిని. పిన్ని ఆ వెంట్రుకలను తెర మీద చాలాసేపు చూసి, ఫోను తీసుకుని వెళ్లిపోయింది. దవడ గురించి ఒక్క మాట కూడా అడగలేదు.